‘క్లియర్‌గా లేదండి’ అంటే సరిపోలేదు: మార్కుల పట్టిక స్కాన్ అడిగిన ఒక కేసు

బడి ఆఫీసుకి టీచర్ రాసే ఒక చిన్న మెసేజ్ గురించి ఇంత రాయాలా అనిపించవచ్చు. అయితే పరీక్షల పని చూసే నాలాంటి వాళ్ళ దగ్గరకి ప్రతి ఏడాదీ ఇదే గొడవ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. మార్కుల పట్టిక పంపారు, చదవలేకపోయాం, మళ్ళీ అడిగాం, మళ్ళీ అదే వచ్చింది. ఈ కేసులో ఆ చిక్కుముడి ఎక్కడ పడిందో, ఏ మాటతో విడిందో స్పష్టంగా కనిపించింది కాబట్టి రాస్తున్నాను. ఊరు, బడి, మనుషుల వివరాలు తెలియకుండా కొన్ని సంగతులు మార్చాను. అంకెలు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

కోనసీమలో ఒక హైస్కూల్. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కి క్లాస్ టీచర్‌గా ఉన్నావిడ ఉండేది లంక గ్రామంలో, బడి ఏటికి ఇవతల. ఏడాదిలో మొదటి ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఎఫ్‌ఏ-1 పరీక్షలు అయిపోయి మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే సమయానికి గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది దాటి ఇంకా పెరిగేసరికి లంకకి వెళ్ళే కాజ్‌వే మునిగింది. బళ్ళకి సెలవులిచ్చారు. మార్కులు ఎక్కించే గడువు మాత్రం మారలేదు. ఇవతల ఉన్న ఆఫీసు సిబ్బంది వచ్చి పని చేసుకుంటున్నారు. టీచర్ గారు ఇంట్లో ఫోను, లాప్‌టాప్‌తో ఉండిపోయారు. మార్కుల రిజిస్టర్ ఆఫీసు బీరువాలో ఉంది.

ఆ బడిలో పద్ధతి ఇది. సబ్జెక్ట్ టీచర్లు మార్కులు చీటీల మీద రాసి ఆఫీసులో ఇస్తారు. జూనియర్ అసిస్టెంట్ గారు వాటిని రిజిస్టర్‌లోకి ఎక్కిస్తారు, హెచ్.ఎం. గారు సంతకం పెడతారు. క్లాస్ టీచర్ ఆన్‌లైన్‌లో కొట్టాల్సింది సంతకం ఉన్న ఆ పట్టిక నుంచే.

అప్పటి పద్ధతిలో ఎఫ్‌ఏ 50 మార్కులకి. పిల్లల భాగస్వామ్యానికి 10, రాతపనికి 10, ప్రాజెక్టుకి 10, లఘు పరీక్షకి 20. అంటే సబ్జెక్టుకి నాలుగు గడులు, మొత్తానికి ఒకటి, కలిపి ఐదు. ఏడు సబ్జెక్టులకి 35 గడులు. రిజిస్టర్ తెరిస్తే ఎడమ పేజీలో రోల్ నంబర్లు, పేర్లు, మూడు భాషలు ఉంటాయి. కుడి పేజీలో గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికం. కుడి పేజీలో రోల్ నంబర్లు ఉండవు, గీతని పట్టుకునే వెళ్ళాలి. ఈ సంగతి తర్వాత ముఖ్యమవుతుంది.

చిక్కు

అసిస్టెంట్ గారు రిజిస్టర్ రెండు పేజీలూ తెరిచి, ఫోన్‌లో స్కానింగ్ యాప్‌తో ఒకే ఫొటో తీసి, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఎడమ పేజీ నల్ల జెల్ పెన్నుతో రాసినది, కొంచెం కష్టపడితే చదవగలిగారు. కుడి పేజీ నీలం బాల్ పెన్నుతో రాశారు. అక్కడ 3 ఏదో 8 ఏదో, 1 ఏదో 7 ఏదో తెలియలేదు.

టీచర్ గారు నాకు ఆ ఫొటో పంపి, “ఫోన్ మార్చి చూసినా ఇంతేనండి, నా కళ్ళదే లోపమా?” అని అడిగారు. కళ్ళది కాదు. కారణాలు రెండున్నాయి, వాటిని విడివిడిగా చూడాలి.

మొదటిది యాప్‌లో నలుపు-తెలుపు ఫిల్టర్. అది ప్రతి చుక్కనీ పూర్తి నలుపో పూర్తి తెలుపో చేసేస్తుంది, మధ్యస్తంగా ఏదీ ఉంచదు. లేత నీలం గీత పలచగా ఉన్నచోట తెల్లగా మారిపోతుంది. 8 అంకెకి ఎడమవైపు గీత పలచబడితే మిగిలేది 3. మిగిలిన గీత నల్లగా, చక్కగా ఉంటుంది కాబట్టి పోయిందేదో చూసేవాడికి తెలియదు.

రెండోది సైజు. తెరిచిన రిజిస్టర్ వెడల్పు దాదాపు 17 అంగుళాలు. వాట్సాప్‌లో ఫొటోగా మామూలుగా పంపితే అది కుదించుకుపోయి పొడుగువైపు సుమారు 1600 చుక్కలకి వస్తుంది. అంటే అంగుళానికి వంద చుక్కలు కూడా లేవు. చేతిరాత అంకె వెడల్పు అంగుళంలో పదో వంతు అనుకుంటే, ఒక్కో అంకెకి దక్కేది తొమ్మిది చుక్కలు. 3కీ 8కీ మధ్య ఉన్న తేడా అంతా అందులో రెండు మూడు చుక్కల్లో ఉంటుంది. ఎంత పెద్దది చేసి చూసినా లేని చుక్కలు రావు.

ఈ రెండింటిలో ఆఫీసులో కూర్చున్న మనిషికి కనిపించేది ఒక్కటీ లేదు. ఆయన ఫోన్‌లో ఉన్నది కుదించుకుపోని ఫొటో. పోయిన గీతల సంగతంటారా, పక్కనే రిజిస్టర్ ఉంది, రాసింది ఆయనే. ఆయన కంటికి 8 అనే కనిపిస్తుంది.

మొదట చేసినవి, కుదరనివి

టీచర్ గారు గ్రూపులో రాసిన మొదటి మెసేజ్: “సార్, స్కాన్ క్లియర్‌గా లేదండి. మళ్ళీ పంపగలరు.” అరగంటలో జవాబు వచ్చింది, అదే ఫొటో. కింద “నా ఫోన్‌లో బాగానే ఉంది మేడం” అని. ఆయన విసుక్కోలేదు, నిర్లక్ష్యమూ చేయలేదు. అడిగినదేదో అదే చేశారు. మళ్ళీ పంపమన్నారు, మళ్ళీ పంపారు. దేన్ని మార్చాలో ఆ రెండు వాక్యాల్లో లేదు. పైగా ఇరవై మంది ముందు అడిగేసరికి, ఆయనకి అది అభ్యర్థనలా కాక పనిలో తప్పు పట్టినట్టు వినిపించి ఉంటుంది. బాగానే ఉంది అని ఆయన గ్రూపులోనే జవాబివ్వడం అందుకే అనుకుంటాను.

ఆవిడ నొచ్చుకుని రెండో మెసేజ్ మరీ మర్యాదగా రాశారు. వరదలో ఆయన ఇల్లు ఎలా ఉందని, ఆఫీసు పని ఎంత కష్టమో తెలుసునని, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించమని, వీలు చూసుకుని ఇంకొంచెం మంచిది పంపితే మేలు చేసినవారవుతారని. మంచి మాటలే. కానీ చివర్లో ఎక్కడో ఉన్న అడిగే మాటలో ఏ పేజీ కావాలో, ఎప్పటికి కావాలో లేదు. ఆయన దండం పెట్టే బొమ్మ పంపి, అటెండర్‌కి చెప్పారు. అటెండర్ ట్యూబ్‌లైట్ కింద నిలబడి ఇంకో ఫొటో తీశాడు. ఈసారి ఫిల్టర్ లేదు, అది మెరుగే. అయితే ఫోన్ నీడ సరిగ్గా గణితం గడుల మీద పడింది, రిజిస్టర్ కుట్టు దగ్గర పేజీ వంగి అంకెలు నొక్కుకుపోయాయి.

ఈలోగా ఆవిడ ఇంకో దారి పట్టారు. మొత్తం గడి చదవగలిగితే, తెలియని అంకెని తీసివేతతో కనుక్కోవచ్చు కదా అని. ఆలోచన మంచిదే, కొంత దూరం పనిచేసింది కూడా. ఒక వరసలో 8, తెలియని అంకె, 9, 16 ఉన్నాయి. మొత్తం 41 కావచ్చు, 47 కావచ్చు. తెలిసిన మూడూ కలిపితే 33. 47 కావాలంటే 14 రావాలి, ఆ గడికి గరిష్ఠం 10. కాబట్టి 41, తెలియనిది 8. ఇందులో అనుమానం లేదు.

రోల్ నంబర్ 23 దగ్గరకి వచ్చేసరికి ఆ లెక్క ఆగిపోయింది. గణితంలో కనిపిస్తున్నవి 3, 7, 6, 13. కలిపితే 29. మొత్తం గడిలో 34 శుభ్రంగా ఉంది. ఐదు తక్కువైంది, అంటే ఒక 8 విరిగి 3 అయింది. ఏ 8? మొదటి గడిదైతే 8, 7, 6, 13. చివరి గడిదైతే 3, 7, 6, 18. రెండూ 34కే వస్తాయి. మొత్తం మార్కులు ఒకటే అయినా ఆన్‌లైన్‌లో నాలుగు గడులూ విడివిడిగా కొట్టాలి. ఆవిడ, “ఆ అబ్బాయి పరీక్ష బాగా రాస్తాడండి, క్లాసులో నోరు విప్పడు. 3, 18 అయి ఉంటుంది” అన్నారు. ఆ ఊహతో కొట్టవద్దని అక్కడే ఆపాను. అబ్బాయి గురించి మనకున్న అభిప్రాయం మార్కుల పట్టికలోకి ఎక్కిపోతుంది, ఎక్కిందని తర్వాత ఎవరికీ తెలియదు కూడా. సైట్‌లో సబ్మిట్ చేశాక అక్కడ మార్చాలంటే హెచ్.ఎం. గారి లాగిన్ నుంచే వెళ్ళాలి.

సబ్జెక్ట్ టీచర్లకి ఫోన్ చేద్దామన్నారు. చీటీలు ఆఫీసులో ఇచ్చేశారు, కొందరి దగ్గర నకలు లేదు. ఉన్నా, ఆవిడ కొట్టాల్సింది సంతకం ఉన్న పట్టిక నుంచి. మంచి స్కాన్ అడగడం తప్ప వేరే దారి లేదని అప్పటికి తేలింది.

పనిచేసిన మెసేజ్

మెసేజ్ రాసే ముందు కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం.

గ్రూపులో వద్దు, ఆయనకి విడిగా పంపాలి. ఇందులో మర్యాద ఒక్కటే కాదు, పిల్లల మార్కులు అందరికీ చూపించాల్సిన పనీ లేదు. హెచ్.ఎం. గారికి ముందు చెప్పాలా అన్నది కాస్త ఆలోచించాం. చెబితే పని త్వరగా అవుతుంది, కానీ ఒక స్కాన్ కోసం పై నుంచి చెప్పించినట్టవుతుంది. ఆ మనిషితో ఏడాదంతా పని ఉంటుంది. అందుకని వద్దనుకున్నాం. ఎప్పుడు పంపాలన్నది కూడా చూశాం. జీతాల బిల్లులు పెట్టే రోజులు కావు, అది అదృష్టం. సాయంత్రం ఆయన ఇంటికి బయలుదేరే ముందు పంపితే, మర్నాడు పొద్దున్న వచ్చి మొదటి పనిగా చేస్తారని లెక్క వేశాం.

ఇక పని తగ్గించడం. మొత్తం పట్టిక అడిగితే మళ్ళీ ఫోన్‌తోనే తీస్తారు, ఎందుకంటే తెరిచిన రిజిస్టర్ ఆఫీసులోని ఏ4 స్కానర్ అద్దం మీద పట్టదు. ఎడమ పేజీ ఎలాగూ చదివేశారు. కుడి పేజీ ఒక్కటే అడిగితే చాలు. ఆ పేజీ కూడా ఏ4 కంటే పొడుగు, కాబట్టి పైసగం, కింది సగం. పేజీలో రోల్ నంబర్లు లేవు కనుక రెండు సగాలూ కలిసేచోట వరస తప్పే ప్రమాదం ఉంది. అందుకే మధ్య వరసలు రెండింటిలోనూ రావాలని అడిగాం. ఆ పైన, పరీక్షలకి రాని ఇద్దరి వరసల్లో రెండు పేజీల మీదా అడ్డంగా ‘ఆబ్సెంట్’ అని రాసి ఉంది. రోల్ నంబర్లు 7, 31. వరస సరిపోయిందో లేదో చూసుకోవడానికి అవి గుర్తులుగా పనికొస్తాయి.

స్కానర్ సెట్టింగ్ పేర్లని ఇంగ్లీషులోనే ఉంచాం. ఆయన కంప్యూటర్ తెర మీద కనిపించేవి అవే, వెతుక్కోనక్కర్లేదు.

చివరికి వెళ్ళిన మెసేజ్ ఇది:

“నమస్కారం సార్. 9బి ఎఫ్‌ఏ-1 పట్టిక వరదలో కూడా వెంటనే పంపారు, థాంక్సండి. ఎడమ పేజీ చదివి తెలుగు, హిందీ, ఇంగ్లీష్ ఎక్కించేశాను.

కుడి పేజీలో గణితం, భౌతికశాస్త్రం గడుల్లో 3, 8 తేడా తెలియడం లేదు. నాకు వాట్సాప్‌లో ఎలా కనిపిస్తోందో కింద ముక్క పెట్టాను సార్, ఎర్ర గీత చుట్టినది చూడండి.

కుడి పేజీ ఒక్కటే స్కానర్ మీద పెట్టి పంపగలరా? Grayscale, 300 DPI. పేజీ పొడుగు కాబట్టి పైసగం ఒకటి, కింది సగం ఒకటి. మధ్యలో రెండు మూడు వరసలు రెండింట్లోనూ పడితే చాలు. వాట్సాప్‌లో Document గా పంపండి, ఫొటోగా పంపితే కుదించేస్తోంది.

ఎల్లుండి సాయంత్రం 5కి సైట్ మూసేస్తారు. రేపు మధ్యాహ్నం లోపు వస్తే నాకు సరిపోతుంది. కరెంటు లేక కుదరకపోతే ఒక్క మాట చెప్పండి సార్, ఫోన్ చేసి ఆ గడులు మీ చేత చదివించుకుంటాను.”

కింద పెట్టిన ముక్కలో రోల్ నంబర్ 23 గణితం గడులు తప్ప వేరే ఏమీ లేవు. ఈ మెసేజ్‌లో ఎక్కువ పని చేసింది ఆ ముక్కేనని నా నమ్మకం. తను పంపినది అవతల ఎలా చేరిందో ఆయన మొదటిసారి చూశారు. బాగానే ఉంది అని ఇక అనలేరు, అనాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే తప్పు వాట్సాప్ మీదకి పోయింది. సగం నిజం అదే కదా. ఫిల్టర్ మాట మేం ఎత్తనే లేదు. నలుపు తెలుపుల మధ్య ఛాయలన్నీ ఉంచే Grayscale అడిగితే అది దానంతట అదే పోతుంది.

థాంక్స్ కూడా ఊరికే చెప్పినది కాదు. ఎడమ పేజీ ఎక్కించేశాను అనడంతో ఆయన చేసిన పని వృథా పోలేదని తెలిసింది, మిగిలింది సగమేనని కూడా తెలిసింది. గడువు విషయంలో ఆవిడ మొహమాటపడ్డారు, “టైమ్ పెడితే ఆర్డర్ వేసినట్టు ఉండదా?” అని. సైట్ మూసే గంట ఆవిడ పెట్టింది కాదు, అందరికీ ఉన్నదే. దాన్ని చెప్పి, తనకి ఎప్పటికి కావాలో దాని పక్కన చెబితే ఆర్డర్‌లా ఉండదు. వీలు చూసుకుని పంపమంటే ఆయన రోజంతా వేరే పని చూసుకోవడంలో తప్పేముంది?

జవాబు పది నిమిషాల్లో వచ్చింది. “ఆయ్, చూశానండి మేడం. ఇలా వెళ్ళిందని తెలీదు. పొద్దున్నే పెడతాను.”

వచ్చిన స్కాన్, దానితో వచ్చిన కొత్త చిక్కు

మర్నాడు తొమ్మిదిన్నరకి రెండు ఫైళ్ళు వచ్చాయి. 300 డీపీఐ అంటే అంగుళానికి 300 చుక్కలు, అంకెకి 30 దాకా. తొమ్మిదికీ ముప్పైకీ తేడా చూడగానే తెలిసింది. కుట్టువైపు కొంచెం మసక ఉంది, స్కానర్ మూత పడక ఒక అంచున నల్ల పట్టీ వచ్చింది. అంకెలన్నీ మాత్రం చదవవచ్చు. ముందు 7, 31 వరసలు సరిచూసుకుని, తర్వాత మార్కులు కొట్టమన్నాను.

రోల్ నంబర్ 23: 8, 7, 6, 13. క్లాసులో నోరు విప్పడనుకున్న అబ్బాయికి భాగస్వామ్యంలో పదికి ఎనిమిది.

స్కాన్ స్పష్టంగా ఉంటే అంకెలు సరైనవని కాదు. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త జెరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ యంత్రాల్లో ఒక లోపం బయటపెట్టాడు. స్కాన్ ఫైలు చిన్నదవడానికి అవి ఒకేలా కనిపించే అంకెల బొమ్మలని ఒకటిగా లెక్కవేసి, 6 ఉన్నచోట 8 పెట్టేశాయి. మసక లేదు, గీత విరగలేదు, అంకె మాత్రం తప్పు. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది. మన ఆఫీసు స్కానర్లు అలా చేస్తాయని చెప్పడం లేదు. ఎంత చక్కటి స్కాన్ వచ్చినా ప్రతి వరసా కూడి చూడాలని చెప్పడానికి నేను ఆ సంగతి ఎత్తుతుంటాను.

కూడితే ఒకటి దొరికింది. రోల్ నంబర్ 30, భౌతికశాస్త్రం: 9, 8, 7, 15. కూడితే 39. పట్టికలో 38 ఉంది. ఇది స్కాన్ తప్పు కాదు, రిజిస్టర్‌లోనే ఉన్నది. ఆవిడ మొత్తాన్ని 39 చేసి కొట్టేద్దామనుకున్నారు. కూడికలో తప్పు అని మనకి తోస్తుంది కానీ, తప్పు ఐదు గడుల్లో దేనిలోనైనా ఉండవచ్చు. మళ్ళీ ఒక మెసేజ్ కావాల్సి వచ్చింది, ఈసారి చిన్నదే:

“స్కాన్ చాలా బాగా వచ్చింది సార్, ఎంట్రీ దాదాపు అయిపోయింది. రోల్ నంబర్ 30 భౌతికశాస్త్రం ఒక్కటే నాకు కుదరడం లేదు. 9, 8, 7, 15 కూడితే 39 వస్తోంది, మొత్తం 38 ఉంది. భౌతికశాస్త్రం సార్ ఇచ్చిన చీటీలో ఎలా ఉందో చూసి చెప్పగలరా?”

తప్పు అన్న మాట వాడలేదు, ఎవరిదో చెప్పలేదు. లెక్క ముందు పెట్టి, ఎక్కడ చూడాలో చెప్పారంతే. చీటీలో లఘు పరీక్ష 14 ఉంది. మొత్తం 38 సరైనదే, ఎక్కించేటప్పుడు 14 కాస్తా 15 అయింది. ఆవిడ అనుకున్నట్టు 39 కొట్టి ఉంటే తప్పు అంకె మీద తప్పు మొత్తం కూర్చునేది. అసిస్టెంట్ గారు రిజిస్టర్‌లో దిద్ది, హెచ్.ఎం. గారి చేత పక్కన పొట్టి సంతకం పెట్టించి, ఆ గడి ఒక్కటీ మళ్ళీ స్కాన్ చేసి పంపారు. అడక్కుండానే డాక్యుమెంట్‌గా పంపారు.

దీని నుంచి నేను తీసుకున్నవి

అసలు కష్టం మర్యాదలో లేదు. మొదటి మెసేజ్‌లోనూ ‘సార్’, ‘అండి’ ఉన్నాయి, రెండో దాన్లో ఇంకా ఎక్కువ ఉన్నాయి. అవతలి మనిషికి తన దగ్గర బాగున్నది ఇక్కడ ఎందుకు బాగాలేదో కనిపించకపోవడమే కష్టం. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా, ముందు చదవలేని ముక్కని కత్తిరించి పెట్టమంటున్నాను. దాని కింద మాటలు తక్కువైనా ఫరవాలేదు.

ఈ మెసేజ్ ప్రతిచోటా పనిచేయదు. ఇక్కడ ఆఫీసులో స్కానర్ ఉంది, కరెంటు ఉంది. ఫోన్ తప్ప వేరే లేని బడిలో 300 డీపీఐ అని రాస్తే చదివిన మనిషి బెదిరిపోతారు. అక్కడ వేరేలా అడగాలి. పగటిపూట కిటికీ పక్కన రిజిస్టర్ పెట్టి, లైటు ఆర్పి, ఫిల్టర్ లేకుండా మామూలు కెమెరాతో పేజీని నాలుగు ముక్కలుగా తీయమని. ఒక్కో ముక్కలో పేజీ వెడల్పులోనూ పొడుగులోనూ సగమే పడుతుంది కాబట్టి, వాట్సాప్ కుదించినా అంకెకి ఇరవై చుక్కల దాకా మిగులుతాయి. రిజిస్టర్‌లోనే దిద్ది దిద్ది నల్లబడిపోయిన గడి ఉంటే ఏ స్కానూ తేల్చలేదు. దానికి స్కాన్ అడగకుండా నేరుగా చీటీలో ఏముందో అడగడమే నయం.